ఎంఎంఎస్ఐ 636 అంటే లైబీరియా. మరి కంపెనీ గ్రీసుది, ఏజెంట్ ముంబైలో. ఏది నమ్మాలి?

ప్రశ్న: మా తమ్ముడు పోయిన నెల ఓడలో చేరాడు. ట్రాకింగ్ సైట్‌లో చూస్తే వాళ్ళ ఓడ ఎంఎంఎస్ఐ నంబరు 636తో మొదలవుతోంది, పక్కన లైబీరియా జెండా ఉంది. చేరేటప్పుడు గ్రీసు కంపెనీ అన్నారు, కాంట్రాక్టు ముంబై ఏజెంట్‌తో జరిగింది. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఆ మూడు అంకెలు నిజంగా దేశాన్ని చెప్తాయా? మేం మోసపోయామా?

సమాధానం:

మోసం కాదండి, కనీసం మీరు చెప్పినదాంట్లో మోసం ఏమీ కనిపించడం లేదు. 636 లైబీరియాదే. 637 కూడా వాళ్ళదే. ఆ ఓడ లైబీరియాలో రిజిస్టర్ అయింది, దాని యజమాని గ్రీసులో ఉన్నాడు, మీ తమ్ముడిని ముంబైలో ఉన్న ఏజెంట్ ఎక్కించాడు. ఈ మూడూ ఒకేసారి నిజం కావచ్చు. నేను ఎక్కిన ఓడల్లో యజమాని దేశమూ జెండా దేశమూ ఒకటే అయినవి తక్కువ.

నేను విశాఖలో ఓడల రేడియో పరికరాల సర్వీసింగ్ చేస్తాను, ఇరవై ఏళ్ళు దాటింది. ఏటా జరిగే రేడియో సర్వేకి ఓడ ఎక్కినప్పుడు ఓడని నడిపే గదిలో, అంటే బ్రిడ్జి మీద, నేను మొట్టమొదట చూసేది ఈ తొమ్మిది అంకెల నంబరునే. కాబట్టి అది ఏం చెప్తుందో, ఏం చెప్పదో కొంచెం వివరంగా రాస్తాను.

మామూలు ఓడకిచ్చే నంబరులో మొదటి మూడు అంకెలు దేశం కోడ్, మిగతా ఆరు ఆ దేశం తన ఓడకి ఇచ్చుకున్నవి. కోడ్‌లను దేశాలకు కేటాయించేది అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం, అంటే ఐటీయూ. మొదటి అంకె 2 అయితే ఐరోపా, 3 ఉత్తర అమెరికా, కరీబియన్, 4 ఆసియా, 5 ఆగ్నేయాసియా, పసిఫిక్ వైపు, 6 ఆఫ్రికా, 7 దక్షిణ అమెరికా. మనది 419. శ్రీలంక 417, బంగ్లాదేశ్ 405, సింగపూర్ 563 నుంచి 566 దాకా. లైబీరియా ఆఫ్రికాలో ఉంది కాబట్టి దాని కోడ్ 6తో మొదలైంది. గ్రీసు అయితే 237, 239, 240, 241లో ఏదో ఒకటి ఉండేది.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. ఆ మూడు అంకెలు చెప్పేది ఓడ యజమాని ఎవరని కాదు, ఆ ఓడకు రేడియో గుర్తింపు ఇచ్చింది ఏ దేశమని. ఆ గుర్తింపు ఇచ్చేది ఓడ ఏ దేశంలో రిజిస్టర్ అయిందో ఆ దేశమే కాబట్టి సాధారణంగా అదే జెండా దేశం అవుతుంది. ఓడ ఎక్కడ కట్టారు, డబ్బు ఎవరిది, నడిపేది ఎవరు, సిబ్బంది ఏ ఊరివాళ్ళు అనేవి ఆ నంబరులో ఉండవు.

అందరికీ గుర్తున్న ఓడనే తీసుకుందాం. 2021 మార్చి 23న సూయెజ్ కాలువలో అడ్డంగా ఇరుక్కుపోయిన ఎవర్ గివెన్. దాని నంబరు 353136000. మొదటి మూడు 353, అంటే పనామా. ఓడని కట్టింది జపాన్‌లో. యజమాని జపాన్‌కి చెందిన షోయీ కిసెన్ కైషా. అద్దెకు తీసుకుని నడుపుతున్నది తైవాన్‌లోని ఎవర్‌గ్రీన్, ఓడ పక్కన పెద్ద అక్షరాలతో ఉన్న పేరు వాళ్ళదే. సాంకేతిక నిర్వహణ బెర్న్‌హార్డ్ షుల్టే అనే జర్మన్ సంస్థ చూసుకునేది. లోపల ఉన్న 25 మంది సిబ్బందీ భారతీయులు. ఇన్ని దేశాల్లో రేడియో నంబరు చెప్పింది ఒక్క పనామా పేరే, అది కూడా సరిగ్గానే చెప్పింది. ప్రమాదం మీద జెండా దేశం హోదాలో విచారణ జరిపింది పనామా సముద్ర వ్యవహారాల అధికారులే. 2024లో బాల్టిమోర్ వంతెనను ఢీకొన్న డాలి కూడా అలాంటిదే. దాని నంబరు 563తో మొదలవుతుంది, సింగపూర్. ఆ ఓడని అద్దెకు తీసుకుంది డెన్మార్క్ కంపెనీ, సిబ్బందిలో దాదాపు అందరూ మనవాళ్ళే.

మీ తమ్ముడికి సంబంధించి ఈ తేడా ఎందుకు తెలిసి ఉండాలంటే, నడి సముద్రంలో ఆ ఓడ మీద నడిచేది జెండా దేశపు చట్టం. ఓడ సర్టిఫికెట్లు, కనీసం ఎంతమంది సిబ్బంది ఉండాలనే లెక్క, జీతం ఎగ్గొడితే ఓడ మీద నుంచి చేసే ఫిర్యాదు, ఇవన్నీ లైబీరియా రిజిస్ట్రీ కిందకి వస్తాయి. ఆ రిజిస్ట్రీ ఆఫీసు నడిచేది లైబీరియా రాజధాని మన్రోవియా నుంచి కూడా కాదు, అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం నుంచి. ముంబై ఏజెంట్ సంగతి వేరు. సిబ్బందిని ఎక్కించడానికి అతనికి మన ప్రభుత్వ సంస్థ డీజీ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్ఎల్ లైసెన్స్ ఉండాలి. అది ఉందో లేదో మీరు చూడాలి. మోసం జరిగే అవకాశం ఎక్కువగా ఉండేది అక్కడే, 636 అనే అంకెలో కాదు.

ఎవర్ గివెన్ నంబరు చివర మూడు సున్నాలు గమనించారా? పాత రోజుల్లో ఒడ్డు మీది టెలిఫోన్, టెలెక్స్ ఎక్స్‌ఛేంజీల నుంచి శాటిలైట్ ద్వారా ఓడకి ఫోన్ కలపాలంటే తొమ్మిది అంకెలూ డయల్ చేయడం కుదిరేది కాదు. అందుకని చాలా దేశాల్లో విదేశాలకు తిరిగే ఓడలకి చివర మూడు సున్నాలున్న నంబరే ఇచ్చేవారు, ఆ సున్నాలను డయల్‌లో వదిలేసేవారు. మామూలుగా ఒక దేశం కోడ్ మీద పది లక్షల నంబర్లు వస్తాయి, కానీ చివర మూడు సున్నాలుండాలంటే మిగిలేది వెయ్యే. పనామా లాంటి దేశానికి వెయ్యి ఏ మూలకి సరిపోతాయి? అందుకే 351 నుంచి 357 దాకా, మళ్ళీ 370 నుంచి 374 దాకా పనామాకి పన్నెండు కోడ్‌లున్నాయి. ఒకే దేశానికి ఇన్ని కోడ్‌లేమిటి, ఏదో తేడాగా ఉందే అని కొందరు అనుమానపడతారు. తేడా ఏమీ లేదు.

ఇప్పుడు మీరు సైట్‌లో చూసిన జెండా బొమ్మ గురించి. ఓడ మీదున్న ఏఐఎస్ పరికరం తన నంబరు, ఉన్న చోటు, వేగం, దిశ పంపుతుంది. వేరే సందేశంలో పేరు, కాల్ సైన్, ఐఎంవో నంబరు, వెళ్ళే రేవు పంపుతుంది. ఏఐఎస్ సందేశంలో జెండా అనే గడి అసలు లేదు. సైట్ వాళ్ళు ఆ మొదటి మూడు అంకెలు చూసి జెండా బొమ్మ అతికిస్తారు, లేదా తమ దగ్గరున్న జాబితాలో వెతికి పెడతారు. కాబట్టి సైట్‌లో 636 ఉంది, పక్కన లైబీరియా జెండా కూడా ఉంది, రెండూ సరిపోయాయి అనుకుంటే అది రెండు సాక్ష్యాలు కాకపోవచ్చు. ఒకే సాక్ష్యాన్ని రెండుసార్లు చూసినట్టు.

పైగా ఆ నంబరు పరికరంలోకి తనంతట తాను రాదు. ఒక మనిషి కూర్చుని పాస్‌వర్డ్ కొట్టి ఎక్కించాలి. ఆ పని చేసేది నాలాంటి వాళ్ళే. అక్కడ తప్పులు జరుగుతాయి. నాకు ఎదురైంది ఒకటి చెప్తాను, ఓడ పేరూ కంపెనీ పేరూ రాయను.

బొగ్గుతో వచ్చిన ఒక బల్క్ క్యారియర్ సర్వేకి ఎక్కాను. రెండు నెలల ముందే చేతులు మారింది, పనామా జెండా దించి మార్షల్ దీవుల జెండా ఎత్తారు. ఓడ జెండా మారితే రేడియో నంబరు కూడా మారాలి, ఎందుకంటే పాత నంబరు పాత దేశపు సొత్తు. కొత్త లైసెన్స్ కాగితం మీద 538తో మొదలయ్యే నంబరు ఉంది, 538 మార్షల్ దీవులది, బాగానే ఉంది. ఏఐఎస్ తెర మీద కూడా అదే ఉంది. ట్రాకింగ్ సైట్‌లో చూసేవాళ్ళకి అంతా సవ్యంగానే కనిపించేది.

తర్వాత వీహెచ్ఎఫ్ రేడియో సెట్టుకి టెస్ట్ కాల్ పెట్టాను. మా టెస్టర్ నుంచి ఆ కొత్త నంబరుకి డిజిటల్ కాల్ పంపితే సెట్టు మోగాలి. మోగలేదు. రెండోసారి పంపాను, ఉలుకూ పలుకూ లేదు. మెనూలో సొంత నంబరు తెరిచి చూస్తే 354తో మొదలవుతోంది, ఇంకా పాత పనామా నంబరే. అంటే ఎవరైనా కొత్త నంబరుతో ఆ ఓడని పిలిస్తే అది వినదు. ఆపదలో వీళ్ళు ఎర్ర బటన్ నొక్కితే, లేని పనామా ఓడ ఒకటి ప్రమాదంలో ఉందని బయటికి వెళ్తుంది.

అప్పుడు అనుమానం వచ్చి బయట వింగ్ దగ్గరున్న ఈపర్బ్ కూడా చూశాను. ఓడ మునిగితే నీళ్ళలో తేలి శాటిలైట్‌కి సంకేతం పంపే పరికరం అది. దాని సంకేతంలో కూడా ఇదే మూడంకెల దేశం కోడ్ ఉంటుంది. టెస్టర్‌తో చదివితే అదీ 354. అది మోగితే శాటిలైట్ వ్యవస్థ ఆ చోటుకి దగ్గర్లోని రక్షణ కేంద్రానికి కబురు చేస్తుంది, దాంతోపాటు కోడ్‌లో ఉన్న దేశానికీ చేస్తుంది. మన 419 ఉన్న ఈపర్బ్‌ల వివరాలు బెంగళూరులోని కేంద్రంలో నమోదై ఉంటాయి. ఈ ఓడ విషయంలో కబురు పనామాకి వెళ్తుంది, అక్కడివాళ్ళు రిజిస్టరు తీసి చూస్తే ఓడ పేరు కొట్టేసి ఉంటుంది, ఇచ్చిన ఫోన్ నంబరు పాత యజమానిది. అతను మాకు సంబంధం లేదండి, అమ్మేశాం అంటాడు. నీళ్ళలో మనుషులున్నప్పుడు ఇలా పోయే ప్రతి నిమిషమూ వాళ్ళ ప్రాణం మీదకే వస్తుంది. ఆ రోజు ఆ చీఫ్ ఆఫీసర్ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

కారణం చిన్నది. పాత ఓడని అప్పగించుకున్న రేవులో ఏఐఎస్ మార్చగలిగిన మనిషి దొరికాడు. వీహెచ్ఎఫ్ సెట్టులో నంబరు ఒకసారి ఎక్కిస్తే మళ్ళీ మార్చాలంటే కంపెనీ పాస్‌వర్డ్ కావాలి, ఈపర్బ్‌ని అయితే షోర్‌లో ఉన్న సర్వీసు కేంద్రానికి తెచ్చి మళ్ళీ కోడింగ్ చేయాలి. తర్వాతి రేవులో చూద్దాం అనుకున్నారు, మర్చిపోయారు. మేం రెండూ మార్చి, మళ్ళీ కాల్ పెట్టి, మోగాక సంతకం పెట్టాను.

అందుకని నేను నంబరుని ఒక్క చోట చూసి నమ్మను. మీరు ఇంట్లో కూర్చుని చేయగలిగిన పరీక్షలు రెండున్నాయి.

మొదటిది కాల్ సైన్. సైట్‌లో నంబరు పక్కనే ఉంటుంది. దాని మొదటి అక్షరాలు కూడా దేశానివే. ఎవర్ గివెన్‌ది H3RC, ఇందులో H3 పనామాది, 353తో కలిసింది. డాలిది 9V5283, 9V సింగపూర్‌ది, 563తో కలిసింది. లైబీరియా ఓడలకి ఎక్కువగా D5 లేదా A8 లేదా 5Lతో మొదలవుతుంది. మీ తమ్ముడి ఓడకి 636 ఉండి, కాల్ సైన్ SV లాంటి గ్రీకు అక్షరాలతో మొదలైతే ఎవరో ఒకటి మార్చి ఇంకోటి మర్చిపోయారని అర్థం.

రెండోది ఐఎంవో నంబరు. ఇది ఏడంకెలది, జెండా మారినా పేరు మారినా యజమాని మారినా మారదు, ఓడతో పుట్టి ఓడతోనే పోతుంది. రేడియో నంబరు మనిషి ఇంటి అడ్రసు లాంటిదైతే ఇది వేలిముద్ర లాంటిది. ఎవర్ గివెన్‌ది 9811000. ఇందులో చివరి అంకె సరిచూసుకోవడానికి పెట్టినది. మొదటి ఆరు అంకెలను వరసగా 7, 6, 5, 4, 3, 2తో గుణించి కలపండి.

```
9×7 + 8×6 + 1×5 + 1×4 + 0×3 + 0×2 = 120
```

మొత్తంలో చివరి అంకె 0, నంబరులో చివరి అంకె కూడా 0. సరిపోయింది. ఇలా సరిపోకపోతే ఎవరో తప్పు నంబరు కొట్టారు. సరిపోయినంత మాత్రాన ఓడ అదేనని చెప్పలేం, కానీ చెయ్యి జారి పడిన తప్పులు ఎక్కువగా ఇక్కడే పట్టుబడతాయి. ఆ ఏడంకెల్ని `equasis.org`లో వెతకండి, ఉచితమే, ఖాతా తెరవాలి అంతే. జెండా, యజమాని, నిర్వహణ కంపెనీ మూడూ విడివిడిగా చూపిస్తుంది. అక్కడ జెండా లైబీరియా అనీ, యజమాని చిరునామా గ్రీసు అనీ ఉంటే మీ ప్రశ్నకి జవాబు ఒకే పేజీలో దొరికినట్టే.

కావాలని అబద్ధం చెప్పే ఓడలు కూడా ఉన్నాయి, అది దాచను. ఆంక్షలున్న దేశాల చమురు మోసే పాత ట్యాంకర్లలో కొన్ని తమని రిజిస్టర్ చేయని దేశం కోడ్‌ని పరికరంలో ఎక్కించుకుని తిరుగుతాయి. 2025 డిసెంబరులో వెనిజులా దగ్గర అమెరికా స్వాధీనం చేసుకున్న స్కిప్పర్ అనే ట్యాంకర్ గయానా జెండాతో తిరుగుతోంది, కానీ ఆ ఓడ తమ రిజిస్టరులో లేదని గయానా ప్రకటించింది. గయానా కోడ్ 750. ఎవరు ఎక్కించినా ఏఐఎస్ ఆ అంకెల్ని పంపుతుంది, వాటి వెనక నిజంగా ఆ దేశం ఉందా లేదా అని అడగదు. ఇలాంటి ఓడలకి అంతర్జాతీయ సముద్ర సంస్థ ఐఎంవో తన సమాచార నిధిలో జెండా పేరు పక్కన దొంగ అనే అర్థం వచ్చేలా `False` అని రాస్తుంది. మీ వాడి ఓడ ఏ దేశం పేరు కిందైనా అలా కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా డీజీ షిప్పింగ్‌కి రాయండి. అలాంటి ఓడకి ఇన్సూరెన్స్ ఉందో లేదో, జీతం రాకపోతే ఏ దేశాన్ని అడగాలో ఎవరూ చెప్పలేరు. పెద్ద రిజిస్ట్రీ అయిన లైబీరియా కింద ఉన్న ఓడకి అలా కనిపించడం అరుదు. అరుదు అన్నాను, అసలు ఉండదని కాదు. అందుకే చూడమంటున్నాను.

ఇంకో చిన్న మాట. మ్యాప్‌లో కనిపించే ప్రతి నంబరుకీ మొదటి మూడంకెల సూత్రం పనిచేయదు. తీర కేంద్రాలకి ముందు రెండు సున్నాలుంటాయి, మనవి 00419తో మొదలవుతాయి, అక్కడ దేశం మూడో అంకె నుంచి చదవాలి. లైట్‌హౌస్‌లు, బోయాలకి ముందు 99 ఉంటుంది. 970, 972, 974తో మొదలైతే అది ఓడ కాదు, ప్రాణరక్షణ పరికరం, అందులో దేశమే ఉండదు. వలలకి కట్టే చవక బీకన్లు ఏదో ఒక నంబరు పంపుతూ ఉంటాయి, సైట్ దానికి సంబంధం లేని దేశం జెండా తగిలిస్తుంది. మన తీరం దగ్గర ఏ దూరదేశం జెండాతోనో ఒక చిన్న చుక్క కదలకుండా కనిపిస్తే కంగారు పడకండి.

చివరిగా, మీ తమ్ముడు ఓడ మీదే ఉన్నాడు కాబట్టి సైట్లకన్నా తేలిక దారి అతని దగ్గరే ఉంది. ఓడ వెనక భాగం మీద పేరు కింద ఒక రేవు పేరు రాసి ఉంటుంది, అది రిజిస్టర్ అయిన రేవు. లైబీరియా ఓడ అయితే MONROVIA అని, గ్రీసు ఓడ అయితే చాలావరకు PIRAEUS అని ఉంటుంది. రేవులో ఉన్నప్పుడు జెట్టీ మీద నుంచి చూస్తే కనిపిస్తుంది. లోపల అయితే కారిడార్‌లో గోడకి కనీస సిబ్బంది సర్టిఫికెట్ అతికించి ఉంటుంది, దాన్ని ఇచ్చిన దేశం పేరు పైనే ఉంటుంది. బ్రిడ్జి మీదికి డ్యూటీకి వెళ్ళినప్పుడు వీహెచ్ఎఫ్ సెట్టు మీద అతికించిన నంబరూ, ఏఐఎస్ తెర మీది నంబరూ ఒకటేనా అని సెకండ్ ఆఫీసర్‌ని అడగమనండి, తప్పుగా ఎవరూ అనుకోరు, నేర్చుకుంటున్నాడని సంతోషిస్తారు. వెనక మన్రోవియా కాకుండా వేరే ఊరి పేరు ఉందని అతను చెప్తే, ఏడంకెల ఐఎంవో నంబరు, కాల్ సైన్ ఇక్కడ రాయండి, నేను చూసి చెప్తాను.